శ్రీకాకుళం నుంచి పైడిభీమవరం దాకా రోజూ బండి మీద: దుమ్ము, పొగ నుంచి గొంతును కాపాడుకునే పద్ధతి

శ్రీకాకుళంలో ఉదయం ఏడున్నరకి బండి తీసి, ఎచ్చెర్ల, చిలకపాలెం, రణస్థలం దాటి పైడిభీమవరం ఫ్యాక్టరీలకి వెళ్లేవాళ్లు వందల్లో ఉన్నారు. పోనూ రానూ డెబ్బై కిలోమీటర్లకి దగ్గరగా ఉంటుంది, అంటే రెండు గంటలకు పైగా రోడ్డు మీదే. ముందు టిప్పర్, పక్కన లారీ, మధ్యలో ఎక్కడో ఒకచోట రోడ్డు పనో వంతెన పనో. సాయంత్రానికి గొంతు గరగర, మింగితే గీరుకున్నట్టు ఉండటం, మాటిమాటికీ గొంతు సవరించుకోవడం. విజయనగరంలో మయూరి జంక్షన్, కోట జంక్షన్ మీదుగా రోజూ తిరిగేవాళ్లదీ ఇదే కథ, దూరం మాత్రం తక్కువ.

ఈ రెండు ఊళ్లూ గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోలేకపోతున్న నగరాల జాబితాలో ఉన్నాయి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికైన 13 నగరాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. ఢిల్లీ అంత కాదు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఊరంతటికీ కలిపి లెక్కగట్టిన సగటు గాలి వేరు, టిప్పర్ వెనక పది అడుగుల్లో మీరు పీల్చే గాలి వేరు.

ఇక్కడ చెప్పేదంతా ద్విచక్ర వాహనం మీద వెళ్లేవాళ్ల కోసం. బస్సులో వెళ్లేవాళ్లకి మాస్కు, ముక్కు కడుక్కోవడం గురించిన భాగాలు యథాతథంగా పనికొస్తాయి.

ముందుగా: గొంతుకి కాపలా ఎవరు?

ముక్కు. ఈ మాట అర్థమైతే మిగతా పద్ధతి అంతా దానంతట అదే తెలిసిపోతుంది.

పది మైక్రాన్ల కంటే పెద్ద రేణువుల్లో ఎక్కువ భాగం ముక్కులోని వెంట్రుకలకి, తడి పొరకి అంటుకుని అక్కడే ఆగిపోతాయి. రోడ్డు మట్టి, సిమెంటు, క్రషర్ దుమ్ములో బరువైన భాగమంతా ఈ రకమే. లోపలికి వెళ్లే గాలిని ముక్కు తడిపి, వెచ్చబరచి పంపుతుంది. నోటితో పీల్చామంటే ఈ రెండు పనులూ జరగవు. దుమ్ము నేరుగా గొంతు వెనక గోడకి తగులుతుంది, పొడిగాలి ఆ గోడని ఎండగడుతుంది. ఎండిన పొర మీద పడిన దుమ్ము కదలదు, అక్కడే గీరుతుంది. గరగర అంటే ఇదే.

దుమ్ముల్లోనూ తేడా ఉంది. మామూలు మట్టి దుమ్ము గీరుతుంది, నీళ్లు తాగితే చాలావరకు పోతుంది. సిమెంటు దుమ్ము అలా కాదు. తడి తగిలితే అది ఘాటైన క్షారంగా మారుతుంది, సున్నం లాగా. అందుకే గొంతులో మంట పుడుతుంది. టైల్స్, గ్రానైట్ కోసేచోట లేచే తెల్లటి పొడిలో సిలికా ఉంటుంది. అది గొంతుని ఇబ్బంది పెట్టడంతో ఆగదు, సన్నటి రేణువులు ఊపిరితిత్తుల్లోకి దిగి అక్కడే ఉండిపోతాయి. డీజిల్ పొగలో మసితో పాటు వాయువులు కూడా ఉంటాయి. సల్ఫర్ డయాక్సైడ్ లాంటి, నీటిలో తేలిగ్గా కరిగే వాయువు ముక్కు, గొంతు తడిలోనే కరిగి అక్కడే మంట పెడుతుంది. ఈ వాయువుల్ని మామూలు దుమ్ము మాస్కు ఆపలేదు. ఆ సంగతి మళ్లీ చెప్పుకుందాం.

మొదటి పని: వారం రోజులు రాసుకోండి, ఏమీ మార్చకండి

గొంతు నొప్పి ప్రతిదీ దుమ్ము వల్ల కాదు. మాస్కు కొనేముందు ఏడు రోజులు చిన్న పుస్తకంలో రెండు అంకెలు రాయండి. నిద్ర లేవగానే గొంతు ఇబ్బంది సున్నా నుంచి పది దాకా ఎంత? సాయంత్రం ఇంటికి చేరాక ఎంత? పక్కనే ఆ రోజు బండి మీద వెళ్లారా లేదా, రాత్రి భోజనం ఎన్నింటికి అయింది అనేది కూడా రాయండి.

చదివే పద్ధతి ఇది. సాయంత్రం అంకె ఎక్కువగా ఉండి, సెలవు రోజున తగ్గితే అది రోడ్డు దుమ్ము, పొగ. నిద్ర లేచేసరికే అంకె ఎక్కువగా ఉండి, పొద్దెక్కేకొద్దీ తగ్గితే కారణం చాలావరకు కడుపులోంచి పైకి ఎగదన్నే పులుపు గానీ, రాత్రంతా ముక్కు వెనకనుంచి గొంతులోకి జారే చీమిడి గానీ, నోరు తెరిచి నిద్రపోవడం గానీ అయి ఉంటుంది. సెలవు రోజున కూడా ఏమీ తేడా లేకపోతే ఇంట్లోనే కారణం వెతకాలి: కట్టెల పొయ్యి, దోమల చుట్ట, పక్కింటి నిర్మాణం, పొగాకు.

పొగాకు దగ్గర ఒక్క మాట చెప్పాలి. మన ప్రాంతంలో అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం, పెద్దవయసు ఆడవాళ్లలో ఇంకా ఉంది. గొంతు మంట అని వాళ్లు చెప్పినప్పుడు దుమ్ము అనుకుని వదిలేయకండి. అంగిలి మీద తెల్లటి మచ్చలు, ఎర్రటి పుండ్లు ఉన్నాయేమో దంతవైద్యుడికి చూపించాలి.

రెండో పని: ఏ వేళ, ఏ పక్క

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున నేల చల్లబడి, దాని మీది గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. పైన వెచ్చటి గాలి మూతలాగా కూర్చుంటుంది. పొగ, దుమ్ము పైకి పోలేక మనిషి ఎత్తులోనే ఆగిపోతాయి. ఎండ ఎక్కి నేల వేడెక్కాక, అంటే సుమారు తొమ్మిది దాటాక, ఆ మూత విడుతుంది. అవి వరి కోతలు, నూర్పులు అయ్యే రోజులు కూడా. గడ్డి తగలబెట్టిన పొగ, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం ఊక తోడవుతాయి. భోగినాడు తెల్లవారుజామున టైర్లు వేసి కాల్చిన మంటల పొగ ఎండ ఎక్కేదాకా పోదు. షిఫ్టు మార్చుకునే వీలున్నవాళ్లు ఈ నాలుగు నెలలైనా జనరల్ షిఫ్టు అడిగితే మంచిదే. వీలులేనివాళ్లకి మాస్కు ఈ నెలల్లో తప్పనిసరి.

ఇప్పుడు గాలివాటు. శ్రీకాకుళం నుంచి పైడిభీమవరం వెళ్తుంటే సముద్రం ఎడమ చేతి వైపు ఉంటుంది. మనం నడిపేది రోడ్డుకి ఎడమ అంచున. గాలి నెమ్మదిగా ఉన్న ఉదయాల్లో నేల మీది గాలి సముద్రం వైపు వీస్తుంది, అంటే రోడ్డంతా దాటి, దాని దుమ్ము మోసుకుని మన మీదికి వస్తుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు సముద్రం కుడి వైపు ఉంటుంది, మనం ఇవతలి అంచున ఉంటాం. సముద్రపు గాలి మళ్లీ రోడ్డంతా దాటి మన మీదికే. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ రోడ్డు దుమ్ముకి దిగువనే ఉంటామన్నమాట. ముందు వాహనం లేదు కదా అని మాస్కు కిందికి లాగేవాళ్లకి గొంతు ఎందుకు తగ్గదో ఇక్కడ తెలుస్తుంది. టీకి ఆగితే రోడ్డు అంచున ఉన్న బడ్డీ దగ్గర కాకుండా, ఇరవై ముప్పై అడుగులు లోపలికి ఉన్నచోట ఆగండి. అంతమాత్రం దూరానికే బరువైన దుమ్ము చాలావరకు నేలకి దిగిపోతుంది.

రోడ్డు మీద పాటించాల్సినవి మూడే. టార్పాలిన్ కప్పని టిప్పర్ కనిపిస్తే దాని వెనక వెళ్లొద్దు. సురక్షితంగా దాటే అవకాశం లేకపోతే వేగం తగ్గించి, దాన్ని కనీసం ఎనభై వంద మీటర్లు ముందుకి పోనివ్వండి. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బస్సు, లారీ పొగగొట్టం ఎటువైపు ఉందో చూసి దానికి అవతలి పక్కన ఆగండి. పొగ మేఘంలోంచి వెళ్లక తప్పనప్పుడు నోరు మూసి ముక్కుతో నెమ్మదిగా పీల్చండి. ఊపిరి బిగబట్టే ప్రయత్నం వద్దు. బిగబట్టాక వచ్చే పెద్ద ఊపిరి నోటితోనే వస్తుంది, అదీ మేఘం మధ్యలోనే.

ఊళ్లోనూ ఒక చిన్న ఎంపిక ఉంది. ఏడు రోడ్ల కూడలి, డే అండ్ నైట్ జంక్షన్ లాంటి చోట్ల అయిదు నిమిషాలు ఆగి ఆగి నడపడం కంటే, ఒకటి రెండు కిలోమీటర్లు ఎక్కువైనా ఆగకుండా సాగే వీధి గొంతుకి మేలు. బండ్లు ఆగి మళ్లీ కదిలేటప్పుడే పొగ ఎక్కువ వదులుతాయి.

మూడో పని: మాస్కు, అది ముఖానికి అతుక్కోవడం

చేతి రుమాలు, తువ్వాలు, చున్నీ కట్టుకుంటే కంటికి కనిపించే మట్టి కొంత ఆగుతుంది. సన్న దుమ్ము దారాల సందుల్లోంచి, అంతకంటే ఎక్కువగా బుగ్గల పక్కనుంచి లోపలికి పోతుంది. నీలం రంగు సర్జికల్ మాస్కుదీ అదే లోపం. గుడ్డ మంచిదే కానీ పక్కలు తెరిచి ఉంటాయి. గంటకి అరవై కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఆ సందుల్లోంచే దూరుతుంది.

కొనాల్సింది ఎన్95 గానీ, మన భారతీయ ప్రమాణం ఐఎస్ 9473 ప్రకారం చేసిన ఎఫ్ఎఫ్‌పీ2 గానీ. ఎఫ్ఎఫ్‌పీ1 కనీసం 80 శాతం, ఎఫ్ఎఫ్‌పీ2 కనీసం 94 శాతం సన్న రేణువుల్ని ఆపాలని ఆ ప్రమాణం. ఎన్95కి ఆ అంకె 95. ప్యాకెట్ మీద ఐఎస్ఐ గుర్తు, ఆ ప్రమాణం నంబరు, తయారీ తేదీ ఉన్నాయో లేదో చూడండి. ఎన్95 అని ముందు పెద్ద అక్షరాలు మాత్రమే ఉండి ఇంకేమీ లేకపోతే వదిలేయండి.

చెవులకి తగిలించే రకం కంటే తల వెనక్కి రెండు పట్టీలు వేసే రకం బండివాళ్లకి బాగా సరిపోతుంది. చెవి రకంలో పట్టు తక్కువ, పైగా హెల్మెట్ తీసేటప్పుడు మాస్కు దానితో పాటే ఊడొస్తుంది. గాలి వదిలే కవాటం ఉన్న మాస్కు వేడి రోజుల్లో సుఖంగా ఉంటుంది, దుమ్ముకి అది చాలు. కానీ మీకు జలుబు, దగ్గు ఉన్నప్పుడు అది ఎదుటివాళ్లని కాపాడదు.

వేసుకునే వరస:

1. చేతులు కడుక్కుని మాస్కుని గడ్డం కింద ఆనించి, ముక్కు మీదికి ఎత్తండి. కింది పట్టీ మెడ వెనక, చెవుల కిందుగా. పై పట్టీ నడినెత్తికి కొంచెం వెనగ్గా. రెండు పట్టీలూ ఒకదాన్నొకటి దాటకూడదు.
2. ముక్కు మీది లోహపు పట్టీని రెండు చేతుల వేళ్లతో, మధ్య నుంచి పక్కలకి నొక్కుకుంటూ రండి. ఒక చేత్తో చిటికెలాగా నొక్కితే అది గుడారంలా కోణం తేలి ముక్కుకి రెండు పక్కలా సందు మిగులుతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే.
3. రెండు అరచేతులతో మాస్కుని కప్పి గట్టిగా ఊపిరి వదలండి. కళ్ల వైపు గాలి తగిలితే ముక్కు పట్టీ సరిచేయండి, బుగ్గల వైపు తగిలితే పట్టీలు సరిచేయండి. కవాటం ఉన్న మాస్కు అయితే దీనికి బదులు లోపలికి పీల్చి చూడండి. మాస్కు కొంచెం లోపలికి కుంగితే సరిగా అతుక్కున్నట్టు.
4. ఆ తర్వాతే హెల్మెట్. హెల్మెట్ మెత్తలు బుగ్గల్ని నొక్కి మాస్కుని పైకి జరుపుతాయి, అందుకని మూడో మెట్టు ఇంకోసారి చేయండి. తల రెండు పక్కలకీ తిప్పి, నాలుగు మాటలు మాట్లాడి, జారలేదని చూసుకున్నాకే బండి తీయండి.

హెల్మెట్ ముఖమంతా కప్పేదై, అద్దం దించి ఉంటే ఎదురుగాలి నేరుగా మాస్కు అంచులకి తగలదు. సగం హెల్మెట్‌తో మంచి మాస్కు కూడా సగం పనే చేస్తుంది. అద్దం మీద మాటిమాటికీ ఆవిరి పడుతోందంటే ముక్కు పక్కనుంచి గాలి కారుతోందని అర్థం. అదొక హెచ్చరిక అనుకోండి.

గుబురు గడ్డం ఉంటే మాస్కు అతుక్కోదు. మాస్కు అంచు తగిలే చోటైనా నున్నగా గీసుకోవాలి. మీసం మాస్కు లోపలే ఉండిపోతుంది కాబట్టి ఇబ్బంది లేదు.

ఇంటికొచ్చాక రెండు చోట్ల చూడండి. మాస్కు లోపలి అంచు మీద, ముక్కు దగ్గర నల్లటి చార ఉందా? తడిపిన తెల్లగుడ్డతో ముక్కు పక్కలు తుడిస్తే మరక వచ్చిందా? ఎక్కడ చార ఉంటే అక్కడే గాలి దూరింది. మర్నాడు అదే చోటు సరిచేసుకోండి. బయటివైపు నల్లగా, లోపల తెల్లగా ఉన్న మాస్కు తన పని చేసినట్టు.

ఉతకొద్దు, శానిటైజర్ చల్లొద్దు. ఈ మాస్కు పొరల్లో స్థిర విద్యుత్తు ఉంటుంది, సన్న రేణువుల్ని అదే లాగి పట్టుకుంటుంది. సబ్బు, ఆల్కహాల్ తగిలితే ఆ శక్తి పోతుంది. చూడ్డానికి కొత్తదానిలా మెరిసినా అది ఇక రుమాలుతో సమానం. వాడాక కాగితపు సంచిలో పెట్టి గాలి ఆడేచోట వేలాడదీయండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమట తడి ఆరదు, వాసన పడుతుంది. రెండు మాస్కులు పెట్టుకుని రోజు మార్చి రోజు వాడితే ఒక్కోటి పూర్తిగా ఆరుతుంది. పీల్చడం బరువైనా, తడిసినా, ముడతపడినా, పట్టీ సాగినా పారేయండి. రోజుకి రెండు గంటల ప్రయాణంలో ఒక మాస్కు ఏడెనిమిది వాడకాలకి మించి నమ్మదగ్గది కాదు, రోడ్డు పనులున్నప్పుడు ఇంకా ముందే.

వాయువుల సంగతి మళ్లీ చెబుతామన్నాం. మాస్కు వేసుకున్నా డీజిల్ వాసన తెలుస్తూనే ఉంటుంది. దాన్నిబట్టి మాస్కు పనిచేయట్లేదనుకోకండి. అది మసిని ఆపుతుంది, వాయువుని ఆపలేదు. బొగ్గు పొర ఉన్న మాస్కులు వాసన కాస్త తగ్గిస్తాయి, ఆ పొర పలచన కాబట్టి త్వరగా నిండిపోతుంది. వాయువుకి అసలు విరుగుడు దూరమే: పొగగొట్టం వెనక ఆగకపోవడం.

ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు, నెలలు నిండుతున్న గర్భిణులు ముందు డాక్టరుని అడిగి ఈ మాస్కులు వాడాలి. తల తిరిగినట్టున్నా, ఊపిరి ఆడనట్టున్నా బండి పక్కకి ఆపి మాస్కు తీసేయండి.

నాలుగో పని: ఇంటికి చేరిన మొదటి పావుగంట

ముక్కు ఆపిన దుమ్ము ఇంకా ముక్కులోనే ఉంది. దాన్ని అక్కడే వదిలేస్తే రాత్రి పడుకున్నాక చీమిడితో కలిసి గొంతులోకి జారుతుంది. పొద్దున్నే వచ్చే నల్లటి తెమడలో చాలాభాగం అదే. అందుకని ముందు బట్టలు మార్చి, ముఖం, మెడ, చేతులు సబ్బుతో కడిగి, తర్వాత ముక్కు కడగాలి.

ముక్కుకి ఉప్పునీళ్ల కొలత: పావు లీటరు నీళ్లకి అర టీస్పూను సన్న ఉప్పు తలకొట్టి, చిటికెడు వంటసోడా. నీళ్లు తెర్లకాగి కనీసం ఒక నిమిషం మరిగినవై ఉండాలి, తర్వాత గోరువెచ్చగా చల్లార్చాలి. కుళాయి, బోరు, బావి నీళ్లు మరిగించకుండా ముక్కులో పోయకూడదు. తాగితే కడుపులో చచ్చిపోయే సూక్ష్మజీవి ఒకటి ముక్కు ద్వారా వెళ్తే మెదడుకి ఎక్కగలదు. అరుదే గానీ ప్రాణాంతకం. ఉప్పు తక్కువైనా ఎక్కువైనా ముక్కు మండుతుంది. సరైన కొలతలో మంట ఉండదు, కన్నీళ్ల ఉప్పదనం అంత ఉంటుంది. అయోడిన్ ఉప్పు కొందరికి చురుక్కుమంటుంది. అలా అనిపిస్తే మెడికల్ షాపులో దొరికే ముక్కు కడుక్కునే పొడి ప్యాకెట్లు వాడండి.

సింకు మీద ముందుకి వంగి తల ఒక పక్కకి వాల్చి, నోరు తెరిచి నోటితోనే ఊపిరి తీసుకుంటూ, పై ముక్కు రంధ్రంలో ముక్కు కడిగే సీసాతో నెమ్మదిగా సగం నీళ్లు పోయండి. కింది రంధ్రం నుంచి బయటికి వస్తాయి. తల అవతలికి తిప్పి మిగతా సగం. తర్వాత ఒక్కో రంధ్రం మార్చి మార్చి మెల్లగా చీదండి. రెండూ మూసి గట్టిగా చీదితే నీళ్లు చెవి వైపు ఎక్కి చెవి దిమ్మెక్కుతుంది. ముక్కు పూర్తిగా బిగుసుకున్నప్పుడు, చెవి నొప్పి ఉన్నప్పుడు ఈ పని చేయొద్దు. సీసాని కడిగి బోర్లించి పూర్తిగా ఆరనివ్వాలి.

ముక్కు బిగిసి నోటితో పీల్చక తప్పనివాళ్లు ముక్కు చుక్కల మందుని అలవాటు చేసుకుంటారు. వెంటనే ముక్కు తెరిపించే ఆ చుక్కలు మూడు నుంచి అయిదు రోజులకి మించి వాడితే, ఆపగానే ముక్కు ముందుకంటే గట్టిగా బిగుస్తుంది. మళ్లీ వేస్తారు, మళ్లీ బిగుస్తుంది. ఎప్పుడూ ముక్కు బిగుసుకునే ఉంటే చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించడమే మార్గం. ముక్కు తెరుచుకున్నాక గొంతు బాధ సగం దానంతట అదే తగ్గిపోయేవాళ్లు చాలామంది ఉంటారు.

ఆ తర్వాత గొంతు. గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లకి అర టీస్పూను లోపు ఉప్పు కలిపి, ఒక్కో పుక్కిలి పది పదిహేను సెకన్ల చొప్పున, తల కొంచెం వెనక్కి వాల్చి గ్లాసు అయ్యేదాకా పుక్కిలించండి. బాగా వేడి నీళ్లు వద్దు, ఉప్పు ఎక్కువా వద్దు. ఎక్కువ ఉప్పు పొరలోని తడిని లాగేసి గొంతుని ఇంకా ఎండగడుతుంది.

ఆవిరి పట్టడం మీద మన ఇళ్లలో గట్టి నమ్మకం ఉంది. వెచ్చటి తడి వల్ల కాసేపు హాయిగా ఉంటుంది, దుమ్ముని మాత్రం అది బయటికి తేలేదు. గిన్నె ఒలికి ఒళ్లు కాలే ప్రమాదం, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో, ఆ హాయికంటే పెద్దది. ముక్కు కడుక్కున్నవాళ్లకి దాని అవసరం రాదు.

మంచివనుకుని చేసే రెండు పనులు

గొంతు సవరించుకోవడం మొదటిది. ఖ్‌హుమ్మని గట్టిగా సవరించిన ప్రతిసారీ స్వరపేటికలోని రెండు మడతలు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయి. అవి వాచి, ఏదో అడ్డున్నట్టు అనిపిస్తుంది, దాంతో మళ్లీ సవరిస్తాం. దుమ్ము పోయాక కూడా ఈ చక్రం ఆగదు. సవరించాలనిపించినప్పుడు ఒక గుక్క నీళ్లు తాగండి. నీళ్లు లేకపోతే రెండుసార్లు గుటక వేయండి. మొదటి మూడు రోజులు కష్టంగా ఉంటుంది, వారానికి ఆ కోరికే తగ్గుతుంది. క్లాసు చెప్పే టీచర్లకి, బేరాలాడే వ్యాపారులకి ఇది ఇంకా అవసరం.

మిరియాల కషాయం రెండోది. జలుబులో అది ఇచ్చే ఉపశమనం నిజమే. కానీ రాత్రి ఆలస్యంగా తిని, పైన ఘాటు కషాయం తాగి వెంటనే పడుకుంటే, పులుపు ఎగదన్నే గుణం ఉన్నవాళ్లకి తెల్లారేసరికి గొంతు మండుతుంది. దుమ్ముతో వచ్చిన గరగరకి గోరువెచ్చటి నీళ్లు, ఒక చెంచా తేనె చాలు. షుగరు ఉన్నవాళ్లు తేనె మానేయాలి. ఏడాది నిండని పిల్లలకి తేనె అసలు ఇవ్వకూడదు. పసుపు పాలు అలవాటుంటే తాగండి, కాకపోతే పడుకోడానికి రెండు గంటల ముందు.

ఒక ఉదాహరణ: పుస్తకం ఎలా చదవాలి

షిఫ్టు ఉద్యోగి ఒకరు శ్రీకాకుళం నుంచి పైడిభీమవరం వెళ్తారనుకుందాం. సగం హెల్మెట్, ముఖానికి రుమాలు. రాత్రి పదింటికి భోజనం, పైన కషాయం. మొదటి వారం ఏమీ మార్చకుండా రాసుకున్నారు. సోమవారం ఉదయం 4, సాయంత్రం 5. శుక్రవారానికి ఉదయం 5, సాయంత్రం 7. ఆదివారం బండి తీయలేదు: ఉదయం 4, సాయంత్రం 2.

ఆదివారం సాయంత్రం 2కి దిగిందంటే సాయంత్రం బాధ రోడ్డుదే. కానీ ఆదివారం ఉదయం కూడా 4 ఉంది. రాత్రంతా రోడ్డు మీద లేని మనిషికి ఆ 4 ఎక్కడిది?

రెండో వారం ముఖమంతా కప్పే హెల్మెట్, ఎఫ్ఎఫ్‌పీ2, సాయంత్రం ముక్కు కడగడం మొదలుపెట్టారు. మొదటి రోజే మాస్కు లోపలి అంచున కుడి బుగ్గ వైపు నల్లచార కనిపించింది. పై పట్టీ చెవి మీదికి జారిందని తేలింది, సరిచేశారు. శుక్రవారం సాయంత్రం 3. ఉదయం మాత్రం 4 దగ్గరే ఉంది. మూడో వారం మాస్కు అలాగే ఉంచి భోజనం ఎనిమిదిన్నరకి జరిపి, కషాయం మానేసి, మంచానికి తలవైపు కోళ్ల కింద ఒక్కో ఇటుక పెట్టారు. ఉదయం అంకె 2కి వచ్చింది.

రోడ్డు మీది మార్పులూ రాత్రి అలవాట్ల మార్పులూ ఒకే వారం చేసి ఉంటే ఏవి పనిచేశాయో తెలిసేది కాదు. మాస్కుకే తగ్గిందనుకుని భోజనం మళ్లీ పదింటికి జరిపేవారు, గొంతు మళ్లీ మొదటికొచ్చేది. అందుకే ఒక వారం ఒక రకం మార్పులే చేయండి.

ఇంటి పక్కన కట్టడం జరుగుతుంటే

రోడ్డు మీద కాపాడుకున్న గొంతుని ఇల్లు పాడుచేయకూడదు. 2018 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ తెచ్చిన నిబంధనల ప్రకారం, ధూళి పరిమితి దాటిన ఊళ్లలో ఇసుక, సిమెంటు, శిథిలాలు కప్పకుండా ఉంచకూడదు, కప్పకుండా తరలించకూడదు. బహిరంగంగా రాళ్లు, టైల్స్ కోయకూడదు. నీళ్లు చల్లాలి. పక్కింటి మేస్త్రీతో తగాదా పడక్కర్లేదు. కోసేచోట బ్లేడు మీద సన్నటి నీటి ధార పడేలా పెట్టమనండి. పొడి లేవదు, బ్లేడు కూడా ఎక్కువ రోజులు వస్తుంది, అందుకని ఒప్పుకుంటారు. వినకపోతే ఫొటో తీసి నగరపాలక సంస్థలో ఫిర్యాదు ఇవ్వండి.

మన ముంగిట్లో కళ్లాపి చల్లే అలవాటు దుమ్ము అణచడానికి చక్కటి పద్ధతి. దాన్ని ఊడ్చాక కాకుండా ఊడ్చేముందు పలచగా చల్లండి. ఇంట్లో పొడి చీపురు తగ్గించి తడిగుడ్డతో తుడవండి. హెల్మెట్ లోపలి మెత్తలు, ముఖానికి కట్టే గుడ్డ వారానికోసారి ఉతకండి, లేదంటే నిన్నటి దుమ్మునే ఇవాళ మళ్లీ పీలుస్తారు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

దుమ్ము వల్ల వచ్చిన గరగరకి యాంటీబయాటిక్ పనిచేయదు. అక్కడ చంపడానికి సూక్ష్మజీవి లేదు. మెడికల్ షాపులో మూడు మాత్రలు అడిగి తెచ్చుకునే అలవాటు మానండి. జ్వరం, టాన్సిల్స్ మీద తెల్లటి చీము, మెడలో నొప్పిగా గడ్డలు ఉంటే అది వేరే వ్యాధి, చూపించుకోవాలి.

దగ్గు రెండు వారాలు దాటితే కారణం దుమ్మే అనిపించినా క్షయ పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం. గొంతు బొంగురు మూడు వారాలు దాటినా, మింగడం కష్టమైనా, తెమడలో రక్తం కనిపించినా, మెడలో గడ్డ తగిలినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా చెవి ముక్కు గొంతు డాక్టరు లోపలికి చూసి తేల్చాలి. పొగాకు అలవాటున్నవాళ్లు మూడు వారాలు కూడా ఆగొద్దు. ఊపిరి పీల్చేటప్పుడు ఈల లాంటి శబ్దం వస్తున్నా, లాలాజలం మింగలేక కారిపోతున్నా ఆ క్షణమే 108కి ఫోను చేయండి.

వెళ్లేటప్పుడు అంకెలు రాసుకున్న పుస్తకం, వాడిన మాస్కు ఒకటి కవర్లో పెట్టి తీసుకెళ్లండి. ఉదయం ఎక్కువా సాయంత్రం ఎక్కువా అనేది డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, దానికి జవాబు ఆ పుస్తకంలో తేదీలతో సహా ఉంటుంది.